బిర్యానీకి బ్రేక్ దర్శనం

ఫోన్ మోతకు ప్రాణం విసిగి, ఐఫోన్‌లో 2021 నుంచి ఉన్న షెడ్యూల్డ్ సమ్మరీ ఆన్ చేశాను. నోటిఫికేషన్లన్నీ మూటగట్టి రాత్రి 8 గంటలకు ఒక్కసారే ఇమ్మన్నాను. మూడు రోజులు ఇల్లు పెళ్లివారు ఖాళీ చేసిన విడిదిలా ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం టింగుమంది. బిర్యానీ యాప్. "అమ్మ అడగలేదా? మేం అడుగుతున్నాం, తిన్నారా?" మూటలో ఉండాల్సినవాడు బయటికెలా వచ్చాడని ఆరా తీశాను. 'టైమ్ సెన్సిటివ్' అనే చీటీ ఉంటే మూట దాటుకుని వచ్చేయొచ్చట. తిరుమలలో బ్రేక్ దర్శనానికి సిఫార్సు లేఖ లాంటిదన్నమాట. కాకపోతే అక్కడ ఎమ్మెల్యేగారి సంతకం కావాలి, ఇక్కడ ఎవరి లేఖ వాళ్లే రాసుకుంటారు. ఆర్డర్ గుమ్మం ముందుందని చెప్పడానికి ఇచ్చిన చీటీ పట్టుకుని కూపన్‌గారు దర్శనానికి వేంచేశారు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద దాన్ని ఆపేశాను.

ఆ రాత్రి మూట విప్పితే పెద్ద ఫొటోతో పైన వాడే! పైన ఎవరుండాలో ఫోన్ నా వాడకాన్ని చూసి తేలుస్తుంది. నేను వేటిని ఎక్కువగా నొక్కుతానో అవే ముఖ్యం. దాని లెక్కలో నాకు బిర్యానీ తర్వాతే ఎవరైనా. నిజమే అనుకోండి, అది వేరే సంగతి.

మరి అడుగున? చెల్లింపుల యాప్. రోజుకు ఆరు స్క్రాచ్ కార్డులు పంపేదాన్ని ఎవడు నొక్కుతాడు? వాటి కింద నలిగిపోయి ఒక ముక్క ఉండేది: "రేపు మీ ఖాతా నుంచి ఆటోపే కింద రూ.1,499 కట్ అవుతుంది." నేనెప్పుడో వాడటం మానేసిన ఏడాది చందా. ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు చెప్పాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. చెప్పారు. సోమవారం రాత్రి 8:10కి. అప్పటికే ఆ రోజు మూట వచ్చేసింది. మంగళవారం మూట 8కి వచ్చింది, నేను అన్నం తిని 9కి విప్పాను. డబ్బు 8:40కే పోయింది.

"అలర్ట్ పంపాం కదండీ" అన్నాడు కస్టమర్ కేర్ అబ్బాయి.

పంపారు నాయనా! డబ్బు పోతోందన్న కబురూ, ఐదు రూపాయలు గెలుచుకోమన్న కూతా ఒకే గొంతుతో, మేం చెవులు మూసుకునేదాకా అరిచి, ఇప్పుడు "చెప్పాం కదా" అంటారా? సిగ్గుండాలి! ఎస్సెమ్మెస్‌కైనా 2025 నుంచి పంపినవారి పేరు చివర ప్రచారమైతే పి, లావాదేవీ అయితే టి అని ఉంటోంది. జనం కష్టార్జితాన్ని తిప్పే యాప్‌కి ఆ రెండక్షరాలు రావా?

ఇప్పుడు మూటలు పొద్దున 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి. ఒక రోజు గడువున్న కబురు ఏ వేళ వచ్చినా కనీసం పన్నెండు గంటలు చేతిలో ఉంటాయి. చెల్లింపుల యాప్‌ని మూటలోంచి తీసేసి, దాని ఆఫర్లు ఆపే మీట కోసం యాప్ లోపల వెతికాను. ఆరో తెర మీద దొరికింది. నొక్కాను.

టింగ్. "మీరు ఆఫర్లు కోల్పోతున్నారు!" పైన చిన్న అక్షరాల్లో, టైమ్ సెన్సిటివ్.