ఆ ఒక్క రాత్రి లెక్క చాలదు
"సాయంత్రానికి ఖాళీగా మిగిలిన గదిని ఎంతకైనా ఇచ్చేయడమే లాభం" అంటారు. ఆ ఒక్క రాత్రికైతే నిజమే. నెల్లూరులో అతిథులకు అద్దెకిచ్చే గదులు మాకున్నవి ఆరు. 1,500 రూపాయల గదిని చివరి నిమిషంలో యాప్‌లో 700కు పెట్టాను. కమీషన్ 140, దుప్పట్ల ఉతుకు, ఏసీ కరెంటు, శుభ్రం చేసే కూలి కలిపి 260 పోగా 300 మిగిలింది. మామూలు రోజుల్లో కృష్ణపట్నం పోర్టు పనిమీద వచ్చి, నాకే ఫోను చేసి 1,500 ఇచ్చే పాత అతిథులు అది చూశారు. ముందే చెప్పడం మానేసి రాత్రిదాకా ఆగడం మొదలుపెట్టారు. అలా ఒక్కరు మారితే 1,240 మిగిలేచోట 300 మిగిలి నాకు 940 నష్టం, అంటే మూడు ఖాళీ గదులు నింపిన లాభం ఆవిరి! ఇప్పుడు తగ్గింపు రాత్రి ఎనిమిది దాటాక నేరుగా వచ్చినవారికే, అదీ 1,100కు తగ్గకుండా. రొట్టెల పండుగకు అదీ లేదు. పెంచిన ధర నెల ముందే చెప్పి అడ్వాన్సు తీసుకుంటాను.