లేని పట్టాల మీద రైలు

పిన్నిని రాయగడ పంపాలని మొన్న గుణుపురం నుంచి రైళ్లు వెతికాను. మొదట కనిపించిన పేజీ ఇలా ఊరించింది: "గుణుపురం నుంచి రాయగడకు రైలు ప్రయాణం సౌకర్యవంతం, చవక. నేరుగా వెళ్లే రైళ్లు ప్రతిరోజూ ఉన్నాయి."

ఒళ్లు మండింది. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా వచ్చే లైను మా గుణుపురంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి రాయగడ వైపు పట్టాలే పూర్తి కాలేదు!

ఇది ఎవరో పొరబడి రాసినది కాదు, అసలు మనిషి రాసినదే కాదు. ఊళ్ల జాబితా తీసుకుని, రెండేసి పేర్లు జతచేసి, ఒక్కో జతకు ఏఐ భాషా నమూనాతో వ్యాసం అల్లిస్తారు. వంద ఊళ్లుంటే రానూపోనూ 9,900 పేజీలు, ప్రతి పేజీకీ ప్రకటనలు. మధ్యలో పట్టాలున్నాయా అన్న బెంగ వాళ్లకెందుకు?

అనుమానం వచ్చి ఆ వాక్యాల్లో గుణుపురం తీసేసి బరంపురం పెట్టాను. ఒక్క అక్షరం కూడా తేడా కొట్టలేదు. ఏ ఊరికైనా అతికే మాట ఏ ఊరి గురించీ చెప్పదు. వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే కవల పేజీలు బయటపడవచ్చు. కానీ పేజీకో రకంగా మాటలు మార్పిస్తే ఆ ఎత్తు పారదు. అప్పుడు రైలు నంబరు చూసి రైల్వే వేళల పట్టికతో సరిచూడాలి, ఎందుకంటే నంబరును కూడా ఆ భాషా నమూనా కల్పించగలదు. పైన మెరిసే "ఈరోజు తాజాపరిచారు" అన్న తేదీనైతే నమ్మనే వద్దు, దాన్ని రోజూ ప్రోగ్రామే మార్చగలదు.

పిన్ని బస్సెక్కుతూ అంది: "బస్టాండులో అడగమని ముందే చెప్పాను కదరా!"