ఫిల్టర్ జాలి పీకింది రైతే, పీకించింది మాత్రం మనం

పొద్దున నా డ్రిప్పు సామాన్ల దుకాణం షట్టర్ లేపి దీపం గూడ పెట్టలేదు. నర్సంపేట దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చి, చంకల పెట్టుకొచ్చిన డ్రిప్పు పైపు ముక్క కౌంటర్ మీద కొట్టిండు. "గిదేనా తమ్మీ మీ డ్రిప్పు? రెండేండ్లు గూడ రాలే. నా మిర్చి సగం వాడవట్టె" అన్నడు. పైపు నా దగ్గర కొన్నది గాదు. అయినా ఆ మాట నాకు తగిలింది, ఇంకా తగ్గలేదు. అందుకే రాస్తున్న.

బ్లేడు తీసుకొని ఆ ముక్కను నిలువునా చీరిన. లోపల చుక్క పడే బిళ్ల ఉంటది, దాంట్ల దారం లెక్క సన్న వంకర తొవ్వ ఉంటది. ఆ తొవ్వ నిండా ఎర్ర ఇసుక మెత్తగ పేరుకపోయింది. గోరుతోని గీరితే గర గర అంటది. "కాకా, ఫిల్టర్ల జాలి ఉన్నదా?" అని అడిగిన. "తీసేసిన. అది ఉంటే నీళ్లు కొసకు పోతలేవు" అన్నడు.

ఇగో, ఇక్కడ అందరు రైతునే తిడుతరు. నిన్న చాయ్ హోటల్ కాడ గూడ ఇదే మాట, "మనోళ్లకు డ్రిప్పు వాడుడు రాదు" అని. ఆ మాట అన్నోడు ఒక్కసారన్నా మిర్చి తోట కొసన నిలబడి చూసిండా? ఆ పెద్దాయన జాలి ఎందుకు తీసిండో ఎవరన్న అడిగిండ్రా?

నేను అడిగిన. ఎకరం చెలక, మిర్చి, నాలుగడుగుల సాళ్లు, సాలుకొక పైపు. ఒక్కటే గేటు వాల్వు, తిప్పితే ఎకరమంతా ఒక్కసారే తడవాలె. చుక్కకు చుక్కకు మధ్య 40 సెంటీమీటర్లు. అంటే ఎకరంల దగ్గర దగ్గర 8,400 చుక్కలు. ఒక్కో చుక్క గంటకు 2 లీటర్లు పోసేది. అన్నీ సరిగ్గ పోయాలంటే గంటకు 16,800 లీటర్లు కావాలె. ఆయన బోరు ఎంత పోస్తదో ఎవరికీ తెల్వదు. పైపులు పరిచినోనికి తెల్వదు, కాగితం రాసినోనికి తెల్వదు.

మధ్యాహ్నం బండేసుకొని వాళ్ల చేనుకు పోయిన. మోటరు వేసి పావుగంట ఊకున్నం, ఎందుకంటే బోరు మొదలు మొదలు జోరుగ పోసి తర్వాత తగ్గుతది. అప్పుడు 200 లీటర్ల డ్రమ్ము పెట్టినం. నిండుడుకు 80 సెకండ్లు పట్టింది. లెక్క కడితే గంటకు 9,000 లీటర్లు. కావాల్సింది 16,800, ఉన్నది 9,000. ఇంకేం కొసకు పోతయి నీళ్లు? ముందు సాళ్లు తాగుతయి, కొస సాళ్లు ఎండుతయి. రైతు ఏం చేస్తడు? నీళ్లకు అడ్డం ఏమున్నదని చూస్తడు. కంటికి కనపడే అడ్డం ఆ జాలి ఒక్కటే. పీకేసిండు. వారం రోజులు జర మంచిగనే అనిపించింది, తర్వాత బోరు ఇసుక అంతా పోయి బిళ్లల్ల కూసున్నది.

ఈ ఇసుకకు యాసిడ్ పని చెయ్యదు. యాసిడ్ కరిగించేది మన బోర్ల ఉప్పునీళ్లతోని పట్టే తెల్ల పొక్కును. ఆ పొక్కు మీద ఒక్క చుక్క యాసిడ్ వేస్తే బుస్సుమని పొంగుతది, గుర్తు పట్టుడు అల్క. ఇసుక పొంగది, కరగది. కొస మూతలు ఇప్పి, రెండు మూడు సాళ్లే తెరిచి, నీళ్లు తేటగ వచ్చేదాక జోరుగ వదిలితే కొంత పోతది. బిళ్లల లోపట గట్టిగ ఇరికినకాడ పైపు ముక్క మార్చుడే.

మందు కొలిచే గిన్నెతోని కొలిచి చూసినం. 2 లీటర్ల చుక్క మూడు నిమిషాలకు 100 మిల్లీలీటర్లు పొయ్యాలె. మొదటి సాలుల 95 వచ్చింది. కొస సాలుల 30. ఆ 30 చూసి పెద్దాయన ఏం మాట్లాడలేదు, కొస మొక్క ఆకు పట్టుకొని నిలబడ్డడు.

ఎకరాన్ని రెండు చెయ్యాలె, ఇరవై గుంటలకు ఒక వాల్వు. అప్పుడు ఒక్కోసారి 8,400 లీటర్లే కావాలె, బోరు 9,000 పోస్తది. జాలి ఉన్నా కొసకు అందుతది. ఒక వాల్వు, కొంత పైపు, ఒక పూట పని. రెండేండ్ల కింద పరిచిననాడే ఒక డ్రమ్ము పెట్టి చూస్తే అయిపోయేది కదా!

నా అసలు కోపం ఇది, ఇయ్యాల్టిది గాదు. తెలంగాణ వచ్చినంక ఎస్సీ, ఎస్టీలకు 100 శాతం, బీసీలకు, సన్నకారు చిన్నకారు రైతులకు 90, మిగిలినోళ్లకు 80 శాతం సబ్సిడీ అని పెట్టిండ్రు. మంచి పని. కానీ అమ్మేటోళ్లు కొందరు పట్టా పాసుబుక్కుల ఎన్ని ఎకరాలున్నయో చూస్తరు, బోరు దిక్కు చూడరు. పైపు దింపి, ఫొటో దిగి, సంతకం పెట్టించుకొని పోతరు. జాలి ఎట్ల కడగాలె, ఎన్ని రోజులకు కొస మూత ఇప్పాలె అని చెప్పెటోడు లేడు. మల్ల ఆ చెడ్డపేరు మా అందరికి. డ్రిప్పు పైపులను మంచానికి నులక లెక్క అల్లుకున్న ఇండ్లు నేను చూసిన. కడుపు మండిపోతది.

నీళ్ల ఆదా గురించి గూడ సక్కగ చెప్పరు. "తొంభై శాతం మిగులుతది" అని మైకుల అరుస్తరు. అబద్ధం చెప్పొద్దు. ఇదే ఎకరానికి బోదెల నీళ్లు పెడితే ఒక్క తడికి సుమారు 2 లక్షల 40 వేల లీటర్లు పోతయి. ఈ బోరుతోని అది 27 గంటల మోటరు. ఎనిమిది రోజులకొక తడి. డ్రిప్పుల ఈ చలికాలం రోజుకు 16 వేల లీటర్లు చాలు, ఒక్కో ఇరవై గుంటలకు గంట కంటె తక్కువ. ఎనిమిది రోజులకు 1 లక్షా 28 వేలు. అంటే సగానికి దగ్గర మిగిలింది. ఎండలు ముదిరితే రోజు లెక్క పెరుగుతది, అది గూడ చెప్పాలె. 2018 జనవరి నుంచి కరెంటు 24 గంటలు ఉచితమైనంక మోటరు ఎన్ని గంటలు తిరిగిందో లెక్కపెట్టుడే మానేసినం. మిగిలిన నీళ్లతోని ఇంకో ఎకరం నాటేసి, "బోరు మల్ల ఎండింది" అంటే అది డ్రిప్పు తప్పు గాదు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఆ పెద్దాయన చేన్లనే చూపెడుతున్న. ఆయనే రమ్మన్నడు. రెండో వాల్వు ఆనాడే మీ ముందట పెడుతం. డ్రమ్ము పెట్టి బోరు కొలుస్తం, గిన్నె పెట్టి మొదటి సాలు, కొస సాలు కొలుస్తం. నీళ్లు బంద్ చేసినంక చుక్క కింద తవ్వి తడి ఎంత లోతుకు, ఎంత వెడల్పుకు పోయిందో మీ చేతులతోని చూడుండ్రి. చెలకల తడి వెడల్పు తక్కువ, లోతుకు దిగుతది. రేగడిల వెడల్పుగ పారుతది. ఒక్క చేను చూసి ఇంకో చేనుకు గంటలు రాసుకోవద్దు.

అమ్ముడు పని ఆనాడు లేదు. ఎక్కడ కొన్నా సరే, మీ తోట కొస సాలు నుంచి జానెడు పైపు కోసుకొని రండ్రి. బ్లేడు నేను తెస్త. ఫిల్టర్ జాలి గూడ పట్టుకొని రండ్రి, ఇంట్ల ఏ మూలకు పడేసినా సరే ఎతికి తెండ్రి.