‘అది నేను కాదు’ అంటే సరిపోదు

భౌతికశాస్త్రం పాఠాలు చెప్పే ఒక యూట్యూబర్‌ను ఊహించుకుందాం. ఉదయం లేచేసరికి ఆమె ఫోన్ నిండా మెసేజ్‌లు. ‘మేడమ్, మీరు చెప్పిన యాప్‌లో డబ్బు పెట్టాను, వెనక్కి రావడం లేదు’ అని ఎవరో రాశారు. ఆమె ఏ యాప్ గురించీ ఎప్పుడూ చెప్పలేదు. లింక్ తెరిస్తే 41 సెకన్ల వీడియో. తన ముఖమే, తన గొంతే, వెనక తన గదిలోని అదే బోర్డు. నోరు మాత్రం తాను ఎన్నడూ అనని మాటలు పలుకుతోంది.

ఆ టెన్షన్‌లో ఎవరైనా వెంటనే రెండు పనులు చేస్తారు. ‘అది ఫేక్, నమ్మకండి’ అని పోస్ట్ పెడతారు. ‘అందరూ రిపోర్ట్ కొట్టండి’ అని అభిమానులను కోరతారు. మొదటిది తప్పకుండా చేయాలి. రెండోదాని మీద ఆశ పెట్టుకుంటే విలువైన సమయం పోతుంది. ఎంతమంది రిపోర్ట్ కొట్టారన్న లెక్క చూసి యూట్యూబ్ వీడియో తీసేయదు. ముఖాన్నో గొంతునో కృత్రిమంగా కాపీ చేసిన వీడియోల మీద 2024 జూన్ నుంచి అది ప్రైవసీ ఫిర్యాదులు తీసుకుంటోంది. ఆ ఫిర్యాదు ఎవరి ముఖమో, ఎవరి గొంతో వాళ్లే చేయాలి. పిల్లలు, కంప్యూటర్ అందుబాటులో లేనివాళ్లు, చనిపోయినవాళ్ల వంటి సందర్భాల్లోనే మరొకరికి వీలుంటుంది. అంటే లక్ష మంది అభిమానులు చేయలేని పనిని బాధితురాలు ఒక్క ఫారంతో మొదలుపెట్టవచ్చు.

అయితే ఆ ఫారం తెరవడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారని మా అభిప్రాయం. ఫిర్యాదు అందాక యూట్యూబ్ సాధారణంగా అప్‌లోడ్ చేసినవాడికి సమాచారం పంపి, తానుగా సరిదిద్దుకోవడానికి 48 గంటలు ఇస్తుంది. వాడు ఆ గడువులో వీడియో తీసేస్తే ఫిర్యాదు అక్కడితో ముగుస్తుంది. ప్రైవేట్‌లో పెడితే మాత్రం చాలదు, ఎందుకంటే ఎప్పుడైనా మళ్లీ పబ్లిక్ చేయవచ్చు. వీడియో పోవడం మంచిదే. కానీ దానితోపాటు ఆధారమూ పోతుంది. రేపు పోలీసుల దగ్గరకో కోర్టుకో వెళ్లాల్సి వస్తే చేతిలో ఏమీ ఉండదు. అందుకే ముందు భద్రపరచాలి, తర్వాతే రిపోర్ట్ చేయాలి.

ఏం భద్రపరచాలి? ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు. అడ్రస్ బార్, తేదీ, సమయం కనిపించేలా వీడియో మొదటి నుంచి చివరి దాకా స్క్రీన్ రికార్డ్ చేయాలి. కింద ఉన్న వివరణ, పిన్ చేసిన కామెంట్, అందులో ఇచ్చిన లింక్ కూడా అందులోకి రావాలి. ఆ లింక్‌ను నొక్కవద్దు, అక్షరాలుగా కాపీ చేసుకుంటే చాలు. ఛానల్ పేరు రాసుకుంటే సరిపోతుందనుకోవద్దు. పేరు, హ్యాండిల్ మోసగాడు మధ్యాహ్నానికి మార్చేయగలడు. `UC`తో మొదలయ్యే ఛానల్ ఐడీ మాత్రం మారదు. ఛానల్ వివరాల పేజీలో షేర్ నొక్కితే దాన్ని కాపీ చేసుకునే వీలుంటుంది. వీడియో ప్రకటనగా వచ్చి ఉంటే ప్రకటనదారుగా చూపిన పేరునూ పట్టుకోవాలి.

ఇక అసలు బలమైన ఆధారం ఫేక్ వీడియోలో ఉండదు, దాన్ని ఎక్కడి నుంచి తీశారో అక్కడ ఉంటుంది. మన పాఠాల టీచర్ తన పాత వీడియోలు వెతికితే ఏడాది కిందటి పాఠం దొరికిందనుకుందాం. అదే చీర, బోర్డు మీద అదే సమీకరణం, 3:05 దగ్గర చేయి ఎత్తి జుట్టు సవరించుకున్న అదే కదలిక. ఫేక్‌లో 0:08 దగ్గర సరిగ్గా అదే ఉంది, పెదవులు ఒక్కటే వేరు. ఇప్పుడు ఆమె ఫిర్యాదులో ‘ఇది నేను కాదు’ అని రాయనక్కర్లేదు. ‘ఈ వీడియోలో 0:08 నుంచి 0:37 వరకు ఉన్న దృశ్యం నా ఫలానా వీడియోలో 3:05 నుంచి 3:34 వరకు ఉన్నదే. అక్కడ నేను ఘర్షణ గురించి మాట్లాడుతున్నాను. ఇక్కడ నా గొంతును పోలిన గొంతు పెట్టుబడి యాప్‌ను అమ్ముతోంది’ అని రాయగలదు. పరిశీలించే మనిషి రెండు కిటికీలు పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషంలో తేల్చుకునే విషయం ఇది.

దీనితో మరో దారీ తెరుచుకుంటుంది. ముఖానికి, గొంతుకు కాపీరైట్ ఉండదు. ఆమె తీసిన వీడియోకు ఉంటుంది. తన దృశ్యాన్నే వాడారు కాబట్టి కాపీరైట్ నోటీసు కూడా ఇవ్వవచ్చు. ఇస్తే తన పేరు అవతలివాడికి తెలుస్తుందని ముందే గుర్తుంచుకోవాలి. వాడు ప్రతివాద నోటీసు ఇస్తే, 10 పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు ఆమె చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వస్తుంది. దృశ్యమంతా కొత్తగా కృత్రిమంగా సృష్టించినదైతే ఈ దారి పనికిరాదు. కోపంలో తప్పుడు కాపీరైట్ నోటీసు ఇస్తే చిక్కు మనకే.

కేవలం గొంతును కాపీ చేసిన కేసులు ఇంకా కష్టం. పక్కన పెట్టి చూపడానికి పాత దృశ్యం ఉండదు. తీసేయాలా వద్దా అని చూసేటప్పుడు, ఆ వ్యక్తిని స్పష్టంగా గుర్తుపట్టగలమా అన్నది యూట్యూబ్ చూసే అంశాల్లో ఒకటి. అక్కడ మనం సాధారణంగా పట్టించుకోని సాక్ష్యం పనికొస్తుంది. అది కామెంట్లు. ‘మేడమ్ చెప్పారు కదా, నేనూ చేరాను’ అని ఎవరైనా పేరుతో రాసి ఉంటే, చూసినవాళ్లు ఆ గొంతు ఆమెదేనని నమ్మారని అదే చెబుతుంది. థంబ్‌నెయిల్ మీద ఆమె పేరున్నా అంతే. పేరడీనా, కృత్రిమమని ముందే చెప్పారా, పేరున్న మనిషి ఏదైనా వస్తువును సమర్థిస్తున్నట్టు చూపారా అన్నవి కూడా చూస్తారు. కాబట్టి ‘ఈ యాప్‌తో నాకు ఏ ఒప్పందమూ లేదు, వీడియోలో కృత్రిమమని ఎక్కడా చెప్పలేదు’ అన్న రెండు వాక్యాలు ఫిర్యాదులో ఉండాలి.

ఫేక్‌ను గుర్తిస్తామనే వెబ్‌సైట్ల స్కోరు తెచ్చి జతచేసేవాళ్లున్నారు. ‘92 శాతం కృత్రిమం’ అన్న అంకె గట్టిగానే కనిపిస్తుంది. కానీ చేతులు మారి, కుదించుకుపోయిన వీడియోల మీద ఈ పరికరాలు పొరబడతాయి. అసలును నకిలీ అని, నకిలీని అసలు అని కూడా అంటాయి. దాన్ని ముఖ్య ఆధారంగా పెట్టవద్దనే మేము చెబుతాం. అంతకంటే కెమెరా నుంచి నేరుగా తీసిన అసలు ఫైల్ ఎన్నో రెట్లు మేలు. దాన్ని వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే మళ్లీ కుదించబడుతుంది, తీసిన తేదీ వంటి వివరాలూ పోవచ్చు. అందుకే ఎడిటింగ్ అయ్యాక ముడి ఫైళ్లను చెరిపేసే అలవాటు వీడియోలు చేసేవాళ్లు మానుకోవాలి.

అభిమానులకూ పని ఉంది. కొత్త కాపీ కనబడినప్పుడల్లా లింక్ ఆమెకు పంపాలి. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చెల్లింపు రసీదులను చెరిపేయకూడదు.

ఇంత చేసినా మిగిలే భారం వేదికలది. తమ భాగస్వామ్య కార్యక్రమంలోని క్రియేటర్ల ముఖాన్ని పోలిన వీడియోలను వెతికే సదుపాయాన్ని యూట్యూబ్ 2025 అక్టోబర్‌లో అందించడం మొదలుపెట్టింది. దానికి గుర్తింపు కార్డు, సెల్ఫీ వీడియో ఇవ్వాలి. మంచి అడుగే, కానీ అప్పుడు అది ముఖాన్నే వెతికింది, గొంతును కాదు. ఒక కాపీ తీసేశాక అదే వీడియో మరో ఛానల్‌లో వస్తే బాధితురాలు మళ్లీ మొదటి నుంచి ఫారం నింపాల్సిన అవసరం ఉండకూడదు. మొదటి ఫిర్యాదులో ఇచ్చిన ఆధారమే రెండో కాపీకీ చెల్లాలి. తిరస్కరిస్తే ఏ అంశం దగ్గర ఆగిందో ఒక వాక్యంలో చెప్పాలి. ‘మా నియమాలను ఉల్లంఘించలేదు’ అన్న ఒకే మాట వస్తే, ఆమె తర్వాతి ఫిర్యాదులో ఏం చేర్చాలో ఎలా తెలుస్తుంది?