రెండు నాణేలతో చూడండి

"భద్రకాళి చెరువు కట్ట మీద గంటసేపు నిలబడి చూసినం. సూపర్‌మూన్ 14 శాతం పెద్దగుంటదన్నరు, నాకైతే మామూలు పున్నమి లెక్కనే ఉంది. ఎందుకట్ల?"

మీ కళ్లది తప్పేం లేదన్నా. చంద్రుడి కక్ష్య కోడిగుడ్డులా కొంచెం సాగి ఉంటది. దగ్గరికొచ్చినప్పుడు దాదాపు 3,57,000 కిలోమీటర్లు, దూరం పోయినప్పుడు 4,06,000. దగ్గరున్నప్పుడు పున్నమి పడితే అదే సూపర్‌మూన్. ఆ 14 శాతం అన్నిటికన్నా చిన్న పున్నమితో పోల్చిన లెక్క. మామూలు పున్నమితో పోలిస్తే 7 శాతమే.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. 2011లో వచ్చిన రకం రూపాయి బిళ్ల అడ్డం సుమారు 22 మిల్లీమీటర్లు, అదే రకం రెండు రూపాయలది 25. తేడా సరిగ్గా ఆ 14 శాతమే. రెంటినీ పక్కపక్కన గోడకంటించి రెండున్నర మీటర్ల దూరం నుంచి చూస్తే తేడా తెలుస్తది, బిళ్ల అక్కడ ఇంచుమించు చంద్రుడంతే కనిపిస్తది. ఇప్పుడు ఒకటి తీసేసి, రెండోది ఏడు నెలల తర్వాత చూపిస్తే ఏది పెద్దదో చెప్పగలరా? ఆకాశంలో జరిగేది అదే. చిన్న పున్నమికి, పెద్ద పున్నమికి మధ్య అంత ఎడముంటది, పక్కన పెట్టి పోల్చే రెండో చంద్రుడుండడు.

కట్ట మీద చెట్ల వెనక లేచేటప్పుడు పెద్దగ కనిపించేది ఏ పున్నమికైనా ఉండే కంటి భ్రమ. అప్పుడు చెయ్యి చాపి చిటికెన వేలి గోరుతో మూసి చూడండి, అర్ధరాత్రి నడినెత్తినున్నప్పుడూ అట్లనే చూడండి. గోరు ముందర అదే కొలత.

తేడా నిజంగ పట్టుకోవాలంటే ఒకే ఫోన్, ఒకే జూమ్‌తో సూపర్‌మూన్ రోజొక ఫోటో, ఏడు నెలలాగి ఇంకొకటి తీసి పక్కపక్కన పెట్టండి.