రెండు గంటల ఆప్యాయత

మా మేనత్త మీద నాకున్న ప్రేమ మొన్న శనివారం ఉదయం 7 గంటల 2 నిమిషాలకి చట్టవిరుద్ధమైంది. అప్పటిదాకా అది సక్రమంగానే ఉంది. జేబులో పది రూపాయల రుజువు కూడా ఉంది.

అత్తయ్య సామర్లకోటలో రాత్రి రైలెక్కింది. ఇక్కడికి 5:40కి చేరాలి. బండి పేరు చెప్పను, దానికీ పరువుంటుంది. నేను, మా ఆవిడ, మా అబ్బాయి అయిదింటికే స్టేషన్‌కి చేరుకున్నాం. ప్లాట్‌ఫాం టికెట్ తలకొకటి కొనాలి. కుటుంబ సమేతంగా అభిమానించినా రాయితీ ఏమీ లేదు. 30 రూపాయలిచ్చి మూడు తీసుకున్నాను. టికెట్ మీద టైము 5:02 అని పడింది.

ఆ టైమే అసలు కీలకం. ప్లాట్‌ఫాం టికెట్ చెల్లేది రెండు గంటలు. ఆ రెండు గంటలూ కౌంటర్లో టికెట్ చేతికిచ్చిన నిమిషం నుంచి లెక్క. బండి వచ్చిన దగ్గర్నుంచి కాదు, మనం ప్లాట్‌ఫాం మీద కాలుపెట్టిన దగ్గర్నుంచీ కాదు. బండి ఎంత ఆలస్యమైనా టికెట్ గడువు దానంతటది పెరగదు. రైలు ఎన్ని గంటలైనా ఆలస్యం కావచ్చు, దానికోసం కాచుకున్నవాడు మాత్రం రెండు గంటలు దాటి ఒక్క నిమిషం ఉండకూడదు. సమయపాలన ఎవరో ఒకరు పాటించాలి కదా, ఆ బాధ్యత చుట్టాలకి అప్పగించారు. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

ధర విషయంలోనూ నాకు ఫిర్యాదు లేదు. 2012 దాకా ఇది 3 రూపాయలే. ఆ ఏడాది 5 చేశారు, 2015 ఏప్రిల్‌లో 10 చేశారు. పండగ రద్దీలో ఇంకా పెంచే అధికారం డివిజన్ మేనేజర్లకి ఉంది. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు చాలా స్టేషన్లలో ఏకంగా 50 చేశారు. జనం గుమిగూడకుండా ఆపడానికి ప్రభుత్వానికి తెలిసిన మందు అది. 2024లో దీనికి జీఎస్టీ నుంచి మినహాయింపు కూడా దొరికింది. అంటే మేనత్తని ఎదురెళ్ళి తీసుకురావడం విలాసం కాదని ఢిల్లీలో ఒప్పుకున్నారన్నమాట. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

ఇక ఆ ఉదయం సంగతి. 5:25కి మైకు పలికింది, బండి నలభై నిమిషాలు ఆలస్యమని. పర్లేదు, 6:20కి వస్తుంది, టీ తాగాం. 6:15కి మళ్ళీ పలికింది, గంటా పదిహేను నిమిషాలట. మూడోసారి మైకు ఇంకేమీ చెప్పలేదు, కలిగిన అసౌకర్యానికి చింతించి ఊరుకుంది. నా వాచీలో 6:50 అయింది. మెట్ల దగ్గర నల్లకోటు టీసీగారు నిలబడి ఉన్నారు. పన్నెండు నిమిషాల్లో నేను మేనల్లుడి హోదా నుంచి టికెట్ లేనివాడి హోదాకి జారిపోతాను.

టికెట్ లేకుండా దొరికితే ఏమవుతుందో చెప్పాలి. కనీసం 250 రూపాయల అదనపు ఛార్జీ, దాంతోపాటు ప్రయాణపు ఛార్జీ. ప్రయాణం ఎక్కడిదంటారా? బండి అప్పుడే వచ్చి ఉంటే, మీరు అందులోంచే దిగారని అనుకునే వీలుంది. ఎక్కడ ఎక్కారో తేలకపోతే బండి బయల్దేరిన స్టేషన్ నుంచే లెక్క కట్టమని రైల్వే చట్టం 138వ సెక్షన్ చెబుతోంది. నేను మల్కాజిగిరి నుంచి ఆటోలో వచ్చానని ప్రమాణం చేసినా, రసీదులో మాత్రం విశాఖపట్నం నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చినవాణ్ణే. సముద్రం చూసిన తృప్తి కూడా ఉండదు.

ఫోన్లో కొందామని మా అబ్బాయి అన్నాడు. యాప్‌లో ప్లాట్‌ఫాం టికెట్ ఉంది గానీ, స్టేషన్ ఆవరణ లోపల నిలబడి కొంటే ఒప్పుకోదు. బయటికెళ్ళాలి, లేదా స్టేషన్లో అతికించిన క్యూఆర్ కోడ్ ఎక్కడుందో వెతికి స్కాన్ చేయాలి. నేను ఎక్కడ నిలబడ్డానో దానికి గజాలతో సహా తెలుసు. బండి ఎక్కడ నిలబడిందో చెప్పే బాధ్యత దానిది కాదట.

7 గంటలకి బయటికొచ్చేశాం. ముగ్గురికీ అత్తయ్య మీద ప్రేమ ఉంది, కానీ రెండోసారి 30 రూపాయల ప్రేమ లేదని ఆవిడా అబ్బాయీ ఆటో స్టాండు దగ్గర ఆగిపోయారు. నేనొక్కణ్ణే లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒకాయన జనరల్ టికెట్‌కి ఐదువందల నోటిచ్చాడు, చిల్లర లేదు. నా టికెట్ 7:19కి చేతికొచ్చింది.

ఇందులో నా తప్పుంది. అయిదింటికి టికెట్ కొనడం ప్రేమ కాదు, ఆత్రం. బండి ఎక్కడుందో ఫోన్లో చూసి, అది ముందు స్టేషన్ దాటాక కౌంటర్ దగ్గరికెళ్ళాలి. అప్పటిదాకా ప్రేమని స్టేషన్ బయట, ఇడ్లీ బండి దగ్గర అట్టిపెట్టుకోవాలి.

సాగనంపేటప్పుడు తిప్పలు వేరు. ఈ టికెట్ ప్లాట్‌ఫాం వరకే, బోగీలో కాలుపెట్టే హక్కివ్వదు. కానీ సంచులు బెర్తు కిందకి తోయకుండా, గొలుసు తాళం వేయకుండా, ఎదురు సీటాయనకి "మా అమ్మని కాస్త చూసుకోండి" అని అప్పగింతలు పెట్టకుండా దిగిపోయే తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు. మా బావమరిది అలాగే అప్పగింతలు పెడుతుంటే బండి కదిలింది. కాజీపేటలో దిగాడు. ప్లాట్‌ఫాం టికెట్‌తో రైలు ప్రయాణం చేయొచ్చని వాట్సాప్‌లో చదివానని టీటీఈతో వాదించాడట. ఆ టికెట్ పనికొచ్చింది ఒక్కందుకే, ఎక్కడ ఎక్కాడో రుజువు చూపించింది. అందుకని ఛార్జీ ఇక్కణ్ణుంచే వేశారు. ఆ పైన 250 మామూలే. తల్లి మాత్రం కొడుకు కాజీపేట దాకా వచ్చి దింపాడని ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటుంది.

బండి 7:31కి వచ్చింది. 7:34కి అత్తయ్య దిగింది. ఆవకాయ జాడీ, కాజాల డబ్బా, గుడ్డ సంచిలో పనసకాయ. నన్ను పైనుంచి కిందకి చూసి, "ఏరా, ఒక్కడివే వచ్చావా? మిగతావాళ్ళకి తీరిక లేదా?" అంది.

నేను టికెట్ తీసి చూశాను. 9:19 దాకా చెల్లుతుంది. పది రూపాయలు పోసి కొన్న కాలం ఇంకా గంటా నలభై అయిదు నిమిషాలు మిగిలి ఉంది.

"తొందరేం లేదత్తయ్యా," అన్నాను బెంచీ దుమ్ము దులుపుతూ. "కూర్చో. ఆ కాజాల డబ్బా ఇలా ఇయ్యి."