తాళం వేసింది రేటుకే, తరుగుకు కాదు

అమీర్‌పేటలో ఒక నగల కొట్టుకు వెళ్లి, బంగారం ధరకు తాళం వేయించి వచ్చాను. రిజర్వ్ బ్యాంకు గవర్నరుకు కూడా చేతకాని పని. అమ్మాయి పెళ్లికి 5 తులాల హారం కావాలి. ఆ రోజు 22 క్యారెట్లు గ్రాము 9,000. నాలుగున్నర లక్షల సరుకుకు పది శాతం, అంటే 45 వేలు కడితే 30 రోజులు అదే రేటట. మధ్యలో పెరిగినా మనకు పెరగదు, తగ్గితే తగ్గిన రేటే. ఇంత ధర్మం కలియుగంలో ఉందా అని కళ్లు చెమర్చాయి. తరుగు సంగతి అడిగితే సేల్స్‌మన్ "పన్నెండు నుంచి మొదలు సార్" అన్నాడు. 'పన్నెండు' ఒక్కటే నా చెవిన పడింది. 'నుంచి' పడలేదు.

ముప్ఫయ్యో రోజు అమావాస్య. బంగారం కొట్టు గుమ్మం తొక్కేదే లేదని మా అత్తగారు తీర్పు చెప్పారు, అప్పీలు లేదు. రెండు రోజులు ముందే వెళ్లాం. రేటు 9,500 అయింది. గ్రాముకు 500 చొప్పున, 50 గ్రాములకు 25 వేలు మిగిలాయని మా ఆవిడ వైపు విజయగర్వంతో చూశాను. ఆవిడ మాత్రం బిల్లు వైపు చూస్తోంది.

నచ్చిన హారానికి తరుగు 18 శాతమట, నకాషీ పని కదా. అంటే 9 గ్రాములు. "తరుగుకు లాక్ ఉండదు సార్, ఈ రోజు రేటే." ఆ తొమ్మిదికీ 85,500. బంగారం 4,50,000 కలిపితే 5,35,500. లాకూ గీకూ లేకుండా అదే రోజు నడిచి వచ్చి, 12 శాతం తరుగున్న 50 గ్రాముల హారం తీసుకున్నవాడికి 5,32,000. జీఎస్టీ ఇద్దరికీ 3 శాతం, అక్కడ ఏ పక్షపాతమూ లేదు. ముందుచూపున్న నేను ముందుచూపు లేనివాడికంటే మూడున్నర వేలు ఎక్కువ కట్టాను.

పన్నెండు శాతం హారాలు లేవా అంటే ఉన్నాయి, ఒక ట్రే నిండా. ఒక్కటీ పెళ్లికూతురి మెడకు తగ్గది కాదని మా ఆవిడ ఒక్క చూపులో తేల్చేసింది. పోనీ నా 45 వేలు నాకిచ్చేయమన్నాను. రసీదు వెనక్కి తిప్పి చూపించాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: నగదు వాపసు లేదు, నగగానే తీసుకోవాలి, నాణేలకు వర్తించదు, మరే ఆఫరుతోనూ కలపరాదు.

వచ్చే ఏడాది చిన్నదాని పెళ్లి. ఈసారి బుకింగ్ రసీదు మీద తరుగు శాతం, దానికి ఏ రోజు రేటో కూడా రాసి ముద్ర వేసివ్వమని అడిగాను. మేనేజరు ఎంతో మర్యాదగా కాఫీ తెప్పించి, "మా సిస్టంలో ఆ గడి లేదు సార్" అన్నాడు.